సి. నారాయణరెడ్డి ఎక్కడ దొరుకుతారు? గ్రంథాలయ సూచిలో రచయిత పేర్లను ఒకచోటికి చేర్చడం

(గ్రంథాలయ సిబ్బంది శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ఈ పూట ఒకే ఒక్క విషయం మాట్లాడుకుందాం. ఒక రచయిత రాసిన పుస్తకాలన్నీ మన గ్రంథాలయ సూచిలో ఒకే చోట, ఒకే పేరు కింద కనిపించాలంటే ఏం చేయాలి? చూడటానికి చిన్న ప్రశ్నే. కానీ పాతికేళ్లుగా పదిమంది చేతుల మీదుగా పెరిగిన ఏ సూచినైనా తెరిచి, రచయితల పేర్లను అక్షరక్రమంలో పెట్టి చూడండి, అప్పుడు తెలుస్తుంది దాని లోతు.

మాట వరసకు చెప్పడం కంటే ఒక పేరు తీసుకుందాం. సి. నారాయణరెడ్డి గారి పేరు మన అందరికీ తెలిసినదే. ఆయన పుస్తకాలు లేని తెలుగు గ్రంథాలయం ఉండదు. ఆయన పేరు సూచిలో ఎన్ని రూపాల్లో చేరుతుందో ఆలోచించండి. ఒక పుస్తకానికి "సి. నారాయణరెడ్డి" అని ఎక్కించారు. ఇంకొకరు చుక్క తర్వాత ఖాళీ వదలకుండా "సి.నారాయణరెడ్డి" అన్నారు. మరొకరు రెడ్డిని విడదీసి "సి. నారాయణ రెడ్డి" అన్నారు. ముఖపత్రం మీద ఉన్నది ఉన్నట్టు దించిన వారు "డా. సి. నారాయణరెడ్డి" అని రాశారు, మరో పుస్తకానికి "ఆచార్య సి. నారాయణరెడ్డి" అని రాశారు. ఇంటిపేరు తెలిసిన వారు "సింగిరెడ్డి నారాయణరెడ్డి" అన్నారు. అట్ట మీద "సినారె" అని ఉంటే అదే ఎక్కించారు. ఇంగ్లీషు అలవాటు ఉన్నవారు "నారాయణరెడ్డి, సి." అని తిప్పి రాశారు.

ఇప్పుడు వీటిని అక్షరక్రమంలో పెట్టండి. ఆచార్యుల వారు "ఆ" దగ్గరకు వెళ్లిపోయారు. డాక్టరు గారు "డ" దగ్గర ఉన్నారు. తిప్పి రాసిన పేరు "న" దగ్గర ఉంది. మిగిలినవి "స" దగ్గరే ఉన్నా, పక్కపక్కన లేవు, వాటి మధ్య ఇతరుల పేర్లు చొరబడ్డాయి. పాఠకుడు వచ్చి "సినారె" అని కొడితే అతనికి రెండు పుస్తకాలు కనిపిస్తాయి. ఆ రెండూ చూసి, ఇక్కడ అంతకు మించి లేవనుకుని వెళ్లిపోతాడు. అతను మనల్ని ఏమీ అడగడు. అందుకే ఈ లోపం ఏళ్ల తరబడి ఎవరి దృష్టికీ రాదు. ఏమీ దొరకకపోతే పాఠకుడు వచ్చి అడుగుతాడు, కొన్ని దొరికితే అడగడు. ఈ మాట గుర్తుంచుకోండి.

ఇనిషియళ్లు, మన పెద్దలు పొడి అక్షరాలు అనేవారు, ఇవి తెలుగులో పెట్టే చిక్కు మరి ఏ భాషలోనైనా ఉందో లేదో నేను చెప్పలేను కానీ, తెలుగులో మాత్రం ఆ చిక్కు రెండింతలు. ఎందుకు? మనం ఇంటిపేరును ముందు పెడతాం, కుదించేటప్పుడు ఆ ఇంటిపేరునే కుదిస్తాం. ఇంగ్లీషు పేరులో కుదించుకుపోయేది సొంతపేరు, కుటుంబం పేరు చెక్కుచెదరదు. సి.పి. బ్రౌన్ అన్నా, చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అన్నా, "బ్రౌన్" అనే మాట అలాగే ఉంటుంది, కాబట్టి ఆ మాట కింద పెడితే రెండూ ఒకచోటే చేరతాయి. మన పేర్లలో కుదించుకుపోయేదే మొదటి మాట, అక్షరక్రమాన్ని నిర్ణయించే మాట. ఇది ఒకటి.

రెండోది ఇంకా చిత్రమైనది. మనం ఇంటిపేరును రెండు రకాలుగా కుదిస్తాం. తెలుగు అక్షరంతో కుదిస్తాం, ఇంగ్లీషు అక్షరం పలుకుబడితోనూ కుదిస్తాం. రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు "రా.వి. శాస్త్రి" అయ్యారు, ఆ రెండు అక్షరాలూ కలిసిపోయి "రావిశాస్త్రి" అయ్యారు. అదే పేరును ఇంగ్లీషు పుస్తకం చూసి ఎక్కించిన వారు "ఆర్. విశ్వనాథశాస్త్రి" అని రాసే అవకాశం ఉంది. "రా" ఎక్కడ, "ఆర్" ఎక్కడ? ఒకటి "ర"లో, ఇంకొకటి "ఆ"లో. అక్షరమాలలో ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. అదృష్టవశాత్తు సింగిరెడ్డి ఇంగ్లీషులో "ఎస్" కాకుండా "C" అనే వాడుకలోకి వచ్చింది, కాబట్టి "సి" అన్నది తెలుగులోనూ అదే, ఇంగ్లీషులోనూ అదే అయింది. అందరికీ అలా కలిసిరాదు.

మరి ఇనిషియల్ కనబడిన ప్రతిచోటా దాన్ని విప్పి పూర్తి ఇంటిపేరు రాసేస్తే సరిపోదా అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. సరిపోదు. విప్పడానికి ముందు ఆ అక్షరం దేనికి గుర్తో తెలియాలి. మన శాస్త్రానికి ఈ దేశంలో పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ గారినే తీసుకోండి. ఆయన పూర్తి పేరు శియాళి రామామృత రంగనాథన్. శియాళి ఊరు, రామామృతం తండ్రి పేరు. తెలుగు అలవాటు ప్రకారం మొదటి అక్షరాన్ని ఇంటిపేరు అనుకుంటే అక్కడ మనం పొరబడతాం. తమిళుల పేరులో ఇనిషియల్ ఊరినో తండ్రినో చెబుతుంది, మన పేరులో ఇంటిపేరును చెబుతుంది. రాసింది ఎవరు అన్నది తెలిసిన తరువాతే రాసిన అక్షరానికి అర్థం చెప్పగలం.

కాబట్టి పని మొదలయ్యేది పేరు దగ్గర కాదు, మనిషి దగ్గర. ఈ రెండు పుస్తకాలు రాసింది ఒక్కరేనా? ఈ ప్రశ్నకు జవాబు దొరికే వరకు ఏ పేరునూ ముట్టుకోకూడదు.

జవాబు ఎక్కడ దొరుకుతుంది? పుస్తకంలోనే దొరుకుతుంది, తెర మీద కాదు. సూచిలో "కె. వెంకటేశ్వరరావు" అనే పేరు కింద నాలుగు పుస్తకాలు ఉన్నాయనుకుందాం. ఇది ఎవరో ఒకరి గురించి చెబుతున్నది కాదు, ఎక్కడైనా కనిపించే పేరు కాబట్టి తీసుకున్నాను. ఈ "కె" కందుకూరి కావచ్చు, కాకర్ల కావచ్చు, కొత్త కావచ్చు, కొమ్మూరి కావచ్చు. నాలుగు పుస్తకాలనూ అలమార నుంచి తీసి బల్ల మీద పెట్టండి. ముఖపత్రం చూడండి. దాని వెనక పుట చూడండి, అక్కడ హక్కులు ఎవరివి అని రాసే చోట పూర్తి పేరు తరచుగా దొరుకుతుంది. ముందుమాట చివర సంతకం చూడండి, ఊరి పేరు, తేదీ ఉంటాయి. వెనక అట్ట మీద "ఇదే రచయిత ఇతర రచనలు" అన్న జాబితా ఉంటే అంతకంటే మంచి సాక్ష్యం లేదు, ఎందుకంటే ఒక పుస్తకం ఇంకో పుస్తకాన్ని తనదని తానే చెబుతోంది. అంకితం కూడా వదలకండి. తల్లిదండ్రులకు అంకితమిచ్చిన చోట ఇంటిపేరు బయటపడుతుంది.

విషయం ఒకటే కావడం సాక్ష్యం కాదు, విషయం వేరు కావడం కూడా సాక్ష్యం కాదు. ఒకరు గణిత పాఠ్యపుస్తకం, ఇంకొకరు రామాయణ వ్యాఖ్య రాశారు కాబట్టి వేర్వేరు మనుషులే అనుకోవద్దు. పగలు లెక్కలు చెప్పి రాత్రి రామాయణం రాసుకున్న మాస్టార్లు మన ప్రాంతంలో తక్కువేమీ కాదు. ఒకరు 1938లో రాసి, అదే పేరుతో 2009లో కొత్త రచన వచ్చిందంటే మాత్రం అనుమానించాలి. అది పునర్ముద్రణ కాదని తేలితే, ఇద్దరని అనుకోవడమే క్షేమం.

సాక్ష్యం దొరకకపోతే ఏం చేయాలి? ఏమీ చేయకూడదు. విడివిడిగానే ఉంచాలి. దీనికి గట్టి కారణం ఉంది. విడిగా ఉన్న రెండు పేర్లను రేపు కలపాలంటే ఒక నిమిషం పని. కలిసిపోయిన రెండు పేర్లను విడదీయాలంటే ప్రతి పుస్తకాన్నీ మళ్లీ బల్ల మీదకు తేవాలి. పాలలో కలిసిన నీళ్ల వంటిది ఆ పని. తొందరపడి కలపడం కంటే అనుమానంతో వదిలేయడమే మేలని నా గట్టి అభిప్రాయం.

ఇక మనిషి ఎవరో తేలింది. అప్పుడు ఏ రూపాన్ని ప్రధానంగా ఉంచాలి? పూర్తి పేరు ఎప్పుడూ గొప్పది, ఇనిషియల్ ఎప్పుడూ తక్కువది అనే భావన మనలో ఉంది. దాన్ని వదిలిపెట్టమని కోరుతున్నాను. రచయిత ఎక్కువ పుస్తకాల ముఖపత్రాల మీద ఏ రూపంలో కనిపిస్తారో, పాఠకుడి నోట ఏ రూపం వస్తుందో అదే ప్రధానం కావాలి. విశ్వనాథ సత్యనారాయణ గారిని ఎవరూ "వి. సత్యనారాయణ" అనరు, కాబట్టి ఆయన ఇంటిపేరుతోనే "వ"లో ఉంటారు. గురజాడ అప్పారావు గారూ అంతే. శ్రీశ్రీని శ్రీరంగం శ్రీనివాసరావు అని పెట్టి "ఇదే అసలు పేరు" అంటే పాఠకుడికి మేలు చేసినట్టు కాదు. నారాయణరెడ్డి గారి ముఖపత్రాల మీద ఎక్కువగా కనిపించేది సి. నారాయణరెడ్డి. అందువల్ల ఆయనకు అదే ప్రధాన రూపం. ఇనిషియల్ ఒక్కటే వాడుకలో ఉన్నప్పుడు సొంతపేరు కింద క్రమంలో పెట్టి, ఇనిషియల్‌ను తరువాత రాయడం నాకు నచ్చిన పద్ధతి. "సి" అనే ఒక్క అక్షరం కింద పెడితే ఆ అక్షరంతో మొదలయ్యే అందరూ గుంపుగా చేరిపోతారు, వెతికే వారికి అది దారి చూపదు.

మీ గ్రంథాలయం వేరే పద్ధతి ఎంచుకోవచ్చు. ఎంచుకున్నదాన్ని ఒక కాగితం మీద రాసి, సూచి తయారుచేసే వారందరికీ ఇవ్వండి, ఆ తరువాత మార్చకండి.

కోహా వాడుతున్న వారు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి ఆ సాఫ్ట్‌వేర్‌లో ఇది ఎలా కుదురుతుందో చూపిస్తాను. మనిషికొక అథారిటీ రికార్డు ఉంటుంది. పుస్తకం రికార్డులో ఉన్న పేరు ఈ రికార్డుకు ముడిపడి ఉంటుంది. నారాయణరెడ్డి గారికి అది ఇలా ఉంటుంది.

```
100 1# $a నారాయణరెడ్డి, సి. $q (సింగిరెడ్డి), $d 1931-2017
400 1# $a సింగిరెడ్డి నారాయణరెడ్డి
400 0# $a సినారె
400 1# $a Narayana Reddy, C.
```

100 అన్నది ప్రధాన రూపం. అందులో $q దగ్గర చూడండి, ఇనిషియల్‌ను విప్పి చెప్పే చోటు అది. పూర్తి పేరు కావాలా, ఇనిషియల్ కావాలా అని మనం కొట్టుకోనక్కరలేదు, వాడుకలో ఉన్నది ముందు ఉంటుంది, దాని విస్తరణ పక్కనే ఉంటుంది. $d దగ్గర పుట్టిన, పోయిన సంవత్సరాలు ఉంటాయి. ఒకే పేరున్న ఇద్దరిని వేరు చేసేది ఆ సంవత్సరాలే. 400 అన్నవి ఇతర రూపాలు. వీటిని తొలగించడం లేదు, గమనించండి, దారిచూపే పలకలుగా ఉంచుతున్నాం. IncludeSeeFromInSearches అనే అమరికను ఆన్ చేసి, సూచికను మళ్లీ కట్టిస్తే, పాఠకుడు "సినారె" అని కొట్టినా ఈ మనిషికి ముడిపడిన పుస్తకాలన్నీ వస్తాయి. రీఇండెక్స్ చేయకుండా ఆన్ చేసి, పనిచేయడం లేదని వదిలేసిన చోట్లు ఉన్నాయి. ఆ అడుగు తప్పకుండా వేయండి.

ఇప్పటికే ఒకే మనిషికి నాలుగైదు అథారిటీ రికార్డులు పుట్టి ఉంటే వాటిని విలీనం చేయాలి. అథారిటీల విభాగంలో వెతికి, రెండింటినీ విలీనానికి ఎంచుకుంటే, ఏది నిలవాలో సాఫ్ట్‌వేర్ అడుగుతుంది. నిలిచే దానిలోకి రెండో దాని రూపాన్ని 400గా తెచ్చుకోవడం మరిచిపోకూడదు. రెండో రికార్డు పోతుంది, దానికి ముడిపడిన పుస్తకాలు మొదటి దానికి మారతాయి. అయితే ముడిపడిన పుస్తకాలు ఎక్కువగా ఉంటే అవి వెంటనే మారవు. AuthorityMergeLimit అనే హద్దు ఉంది, మామూలుగా అది 50. అంతకు మించితే ఆ మార్పును సర్వరు తరువాత తీరిక వేళలో చేస్తుంది. ఆ పని సర్వరులో నడిచేలా ఏర్పాటు లేకపోతే మార్పు ఎప్పటికీ జరగదు. విలీనం చేసిన మర్నాడు పాత పేరుతో ఒకసారి వెతకండి. రచయిత గడిలో పాత రూపంతోనే ఇంకా పుస్తకాలు కనిపిస్తే, ఆ పని నడవడం లేదని అర్థం.

ఒక మాట దయచేసి పట్టించుకోండి. పుస్తకం రికార్డులో 245 $c అనే చోట ముఖపత్రం మీద ఉన్న పేరు ఉన్నది ఉన్నట్టు ఉంటుంది. "డా. సి. నారాయణరెడ్డి" అని ఉంటే అలాగే ఉంటుంది. దాన్ని సరిదిద్దవద్దు. పేర్లన్నీ ఒకేలా ఉండాలన్న ఉత్సాహంలో దాన్ని కూడా మార్చేసేవారు ఉన్నారు. రేపు విలీనం తప్పని తేలితే, ఏ పుస్తకం మొదట ఏ రూపంలో ఉందో చెప్పే సాక్షి అదొక్కటే.

ఇక పేర్ల జాబితా ముందుగా ఎలా తీయాలి అని అడుగుతారు. కోహా నివేదికల్లో ఈ రెండు వరుసలు చాలు.

```
SELECT author COLLATE utf8mb4_bin AS name, COUNT(*) FROM biblio
GROUP BY name ORDER BY name;
```

వచ్చిన జాబితాను స్ప్రెడ్‌షీట్‌లోకి తీసుకోండి. పేరు పక్కన ఇంకొక నిలువు వరుస పెట్టి, అందులో చుక్కలు, ఖాళీలు తీసేసిన రూపం తయారుచేయండి. ఆ వరుస ప్రకారం క్రమంలో పెడితే "సి. నారాయణరెడ్డి", "సి.నారాయణరెడ్డి", "సి. నారాయణ రెడ్డి" మూడూ పక్కపక్కకు వచ్చేస్తాయి. అదే వరుసలో "థ"ను "ధ"గా మార్చండి. ఎందుకో మీకు తెలుసు. విశ్వనాథ అన్న పేరును విశ్వనాధ అని రాసే అలవాటు ఎంత బలంగా ఉందంటే, దానివల్ల సూచిలో ఒకే మనిషి ఇద్దరై కూర్చుంటాడు. ఇదంతా పోల్చడానికి పెట్టుకున్న వరుసలో మాత్రమే. అసలు పేరు ఉన్న వరుసను ముట్టుకోవద్దు.

కంటికి కనిపించని తేడా ఇంకొకటి ఉంది. "శ్యామ్‌సుందర్" అని టైపు చేసేటప్పుడు "మ్" తరువాత "సు" కిందికి జారి ఒత్తుగా మారకుండా, మధ్యలో వెడల్పు లేని ఒక గుర్తును పెడతాం. తెర మీద అది కనిపించదు. కంప్యూటరుకు మాత్రం అది ఒక అక్షరమే. ఒకరు ఆ గుర్తును రెండుసార్లు నొక్కితే, లేదా పేరు చివర కూడా వదిలేస్తే, చూడటానికి అచ్చం ఒకేలా ఉన్న రెండు పేర్లు రెండుగా నమోదవుతాయి. ఎలా పట్టుకోవాలి? పేరు మీద బాణం మీటతో ఒక్కొక్క అడుగే నడవండి. ఒకచోట కర్సరు కదలకుండా ఒక అడుగు తింటే, గుర్తు అక్కడ ఉన్నట్టు, కొన్ని ప్రోగ్రాముల్లో మాత్రం ఇలా తెలియదు. పెద్ద జాబితాలో అయితే LEN తో పొడవు లెక్కపెట్టండి, పోల్చే వరుసలో దాన్ని ఇలా తీసేయండి.

```
=SUBSTITUTE(A2,UNICHAR(8204),"")
```

ఇలా పక్కపక్కకు వచ్చిన పేర్లు కలపదగినవని అనుకోకండి. అవి చూడదగినవి, అంతే. కలపాలో వద్దో తేల్చేది బల్ల మీద ఉన్న పుస్తకమే.

గౌరవ పదాల గురించి గట్టిగా హెచ్చరించాలి. డా., ఆచార్య, శ్రీ, శ్రీమతి వంటివి రచయిత గడిలో ఉండకూడదన్నది నిజమే. అయితే మొత్తం సూచిలో "శ్రీ" అన్న చోటల్లా ఖాళీ పెట్టు అని ఒక్కసారిగా ఆదేశం ఇస్తే ఏమవుతుందో ఊహించండి. శ్రీశ్రీ గారు సూచి నుంచి మాయమవుతారు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు "పాద" అయిపోతారు. శ్రీరంగం నారాయణబాబు గారు "రంగం" అవుతారు. "శ్రీ" తరువాత ఖాళీ ఉన్న చోట మాత్రమే తీయమంటే కొంత మేలు, అయినా "శ్రీ పాద" అని విడదీసి టైపు చేసిన వారు ఉండనే ఉంటారు. కాబట్టి జాబితా తీసి, చదివి, ఒక్కొక్కటీ చేత్తో మార్చండి. శ్రీపాద అన్నప్పుడు గుర్తొచ్చింది. ఆ ఇంటిపేరుతోనే శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రి గారు కూడా ఉన్నారు. "శ్రీపాద" అని మాత్రమే ఎక్కించిన పుస్తకం కనిపిస్తే, కథలు రాసిన ఆయనే అని చేయి చకచకా వెళ్లిపోతుంది. అక్కడ ఆగి పుస్తకం చూడాలి.

జంట కవుల గురించి, కలంపేర్ల గురించి ఎక్కువసేపు చెప్పను. తిరుపతి వేంకట కవులు ఇద్దరు, బీనాదేవి అనే కలంపేరు వెనక దంపతులు ఇద్దరు. అటువంటి పేరును ఏ ఒక్కరి అథారిటీ రికార్డులోనూ 400గా పెట్టకండి. దానికి విడిగా రికార్డు పెట్టి, ఆ ఇద్దరి రికార్డులకూ పరస్పరం సూచన ఇవ్వండి.

శుభ్రం చేసిన సూచి మళ్లీ ఎందుకు పాడవుతుందో చెప్పి, ఒక్క పని అప్పగిస్తాను. AutoCreateAuthorities అనే అమరిక ఆన్‌లో ఉంటే, సూచి తయారుచేసే వారు కొత్త రూపంలో పేరు టైపు చేసిన ప్రతిసారీ, ఎవరినీ అడగకుండా, ఒక కొత్త అథారిటీ రికార్డు పుడుతుంది. చుక్క పక్కన ఖాళీ లేదన్న కారణానికే ఒక కొత్త మనిషి పుడతాడు. అది ఆఫ్‌లో ఉంచి, పేరును టైపు చేయకుండా అథారిటీల నుంచి వెతికి ఎంచుకునే అలవాటు చేయడం ఉత్తమం. ఇద్దరో ముగ్గురో పనిచేసే చోట అలా ఆఫ్ చేయడం కుదరకపోతే, వారానికి ఒకసారి, ఒక్క పుస్తకానికి మాత్రమే ముడిపడిన అథారిటీల జాబితా తీయండి. కొత్తగా పుట్టిన నకిలీలు చాలావరకు అందులోనే దొరుకుతాయి.

చివరి పని అలమార దగ్గరిది. మన పుస్తకాల వెన్ను మీద అంటించే చీటీలో విషయసంఖ్య కింద రచయిత పేరులోని మొదటి అక్షరాలు రాస్తాం కదా. ఒకే రచయిత పుస్తకాలు కొన్నింటి మీద "సింగి" అని, కొన్నింటి మీద "నారా" అని, ఇంకొన్నింటి మీద "డా" అని ఉంటే, కంప్యూటరులో అందరినీ ఒకచోట చేర్చినా అలమారలో వారు విడివిడిగానే ఉంటారు. కాబట్టి ఒక రచయిత విలీనం పూర్తికాగానే ఆయన పుస్తకాల జాబితా అచ్చు తీసి, అదే రోజు చీటీలు మార్చి, రికార్డులో ఆ చీటీ సంఖ్య ఉన్న గడిని కూడా సరిచేయండి. పాఠకుల దగ్గర ఉన్న పుస్తకాలు ఆ జాబితాలో గుర్తు పెట్టుకుని, తిరిగి వచ్చినప్పుడు మార్చండి. అందుకే ఒకేసారి వందమంది రచయితలను మొదలుపెట్టవద్దంటాను. వారానికి ఐదుగురు చాలు, సూచిలోనూ అలమారలోనూ ఆ ఐదుగురి పని పూర్తయిన తరువాతే ఆరో పేరు తీయండి. ముందుగా మీ గ్రంథాలయంలో ఎక్కువ పుస్తకాలున్న ఐదుగురితో మొదలుపెట్టండి. ఇక ప్రశ్నలు అడగండి.